ఆవకాయకు ఏ ఉప్పు, ఎంత ఉప్పు?

ఆవకాయ కొలతలు చాలా ఇళ్లలో గిన్నె లెక్కలోనే ఉంటాయి. నాలుగు గిన్నెల మామిడి ముక్కలకు ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పు ఒక గిన్నె. ఆవపిండి, కారం ఏటా దాదాపు ఒకేలా ఉంటాయి. ఉప్పు అలా కాదు. దంచిన ఉప్పుకు కుదిరిన లెక్కతో దంచని కల్లుప్పు పోస్తే కొన్నాళ్లకు పైన బూజు కనిపించవచ్చు. కల్లుప్పుకు కుదిరిన లెక్కతో ప్యాకెట్లోని మెత్తని ఉప్పు పోస్తే పచ్చడి నోట పెట్టలేనంత ఉప్పగా అవుతుంది.

దీనికి కారణం ఉప్పు ఘాటులో లేదు, గిన్నెలోని గాలిలో ఉంది. గాలి చొరబడని ఉప్పు దిమ్మ అయితే 5 మిల్లీలీటర్లు దాదాపు 11 గ్రాములు తూగాలి. అదే 5 మిల్లీలీటర్ల టీ స్పూనులో మెత్తని అయోడైజ్డ్ ఉప్పు పైన చదునుగా గీసి తూస్తే సుమారు 6 గ్రాములే వస్తుంది. మిగతా చోటంతా రేణువుల మధ్య ఖాళీ. కల్లుప్పయితే 4, 5 గ్రాముల దగ్గరే ఆగిపోవచ్చు.

పలుకులు పెద్దవి కాబట్టి ఖాళీ ఎక్కువ అనుకోవడం సహజం. నిజానికి ఒకే ఆకారం, ఒకే సైజు పలుకులు పెద్ద గంగాళంలో పోస్తే అవి చిన్నవైనా పెద్దవైనా ఖాళీ వాటా ఒకటే. చెంచా చిన్నది కావడం వల్ల పెద్ద పలుకులు అంచుల దగ్గర సరిగా ఇమడవు. పైగా కల్లుప్పు పలుకులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. దంచితే పెద్ద రేణువుల సందుల్లో చిన్నవి దూరి, అదే గిన్నెలో ఎక్కువ ఉప్పు పడుతుంది. పెద్దవాళ్లు ఉప్పు ఎండబెట్టి, దంచి, అప్పుడు కొలవమనేది అందుకే.

ఎండబెట్టడానికి వేరే కారణముంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ లాంటి చోట్ల ఉప్పు మడుల్లో సముద్రపు నీరు ఇగిరి ఉప్పు పేరుకున్నాక, మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేస్తారు. అందులో మెగ్నీషియం క్లోరైడ్ ఎక్కువ. అది పూర్తిగా పోకపోతే పలుకులకు అంటుకుని ఉంటుంది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేగాని నీరు పట్టదు; మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. చెమ్మగిల్లిన కల్లుప్పును తూచినా తూకంలో కొంత నీరే. ఆ నీరు జాడీలోకీ వెళ్తుంది.

ఇప్పుడు లెక్క. ఒక వంటకానికి 200 గ్రాముల ఉప్పు కావాలనుకుందాం. ఇంట్లో ఉన్న ఉప్పును ఒక గ్లాసుతో చదునుగా కొలిచి తూచాలి. గ్లాసు 180 గ్రాములు తూగితే, 200ను 180తో భాగించగా 1.1 గ్లాసులు. మెత్తని ఉప్పుతో అదే గ్లాసు 240 గ్రాములు తూగితే, ముప్పావు గ్లాసు కంటే కాస్త ఎక్కువ చాలు. ఉప్పు రకం మారిన ప్రతిసారీ ఒక్కసారి తూస్తే సరిపోతుంది. మూడో రోజు తిరగకలిపేటప్పుడు, ముక్కలు ఊట వదిలాక, రుచి చూడాలి. అప్పుడు నోటికి సరిగ్గా సరిపోయినట్లుంటే ఉప్పు తక్కువైనట్టే. కొంచెం ఎక్కువగా తోచాలి. ఉప్పు ముక్కలోని నీటిని లాగి, సూక్ష్మజీవులకు అందకుండా పట్టి ఉంచుతుంది. మామిడి పులుపు, పైన తేలే నూనె తోడ్పడతాయిగానీ ఉప్పు లోటును పూర్తిగా తీర్చవు.

కరిగాక మాత్రం మూడు ఉప్పులూ దాదాపు ఒకటే. సైంధవ లవణం పాకిస్తాన్‌లోని ఖేవ్రా గనుల నుంచి వచ్చినా, హిమాచల్‌లోని మండి నుంచి వచ్చినా అధిక భాగం సోడియం క్లోరైడే. గులాబీ రంగు ఇనుము వల్ల వస్తుంది. అందులోని ఇతర ఖనిజాలు పోషణకు లెక్కలోకి రానంత స్వల్పం. పప్పులోనో కూరలోనో సమాన తూకంలో వేస్తే తేడా పట్టడం కష్టం.

అయోడైజ్డ్ ఉప్పు పచ్చడిని పాడుచేస్తుందన్న మాటకు ఆధారం బలహీనం. వినియోగదారుడికి చేరే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. అది ఊరబెట్టడాన్ని అడ్డుకునేంత మోతాదు కాదు. ఉప్పునీటిలో ఊరేసిన ఉసిరికాయల నీరు మసకబారితే, అది గడ్డకట్టకుండా కలిపే కరగని పొడి వల్ల కావచ్చు. ఆవకాయలో అది కనపడను కూడా కనపడదు.

కాబట్టి ఆవకాయకు ఎండిన, దంచిన కల్లుప్పు వాడుకోవచ్చు. రోజువారీ వంటకు మాత్రం అయోడైజ్డ్ ఉప్పును వదలడం మంచిది కాదు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి బృందం 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనం, అయోడిన్ కలిపిన ఉప్పుతో గొంతు వాపు తగ్గుతుందని చూపింది. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. వంటింట్లో సైంధవమో, అయోడిన్ కలపని కల్లుప్పో మాత్రమే ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. ఇప్పుడు అయోడిన్ కలిపిన కల్లుప్పు కూడా దొరుకుతుంది, ప్యాకెట్ మీద చూసి కొనాలి. దాన్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టాలి. చెమ్మ తగిలితే అయోడిన్ మెల్లగా తగ్గిపోతుంది.