రెండు ఉగాదుల ఏడాది

2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా నడిచిన ఆర్థిక సంవత్సరంలో ఉగాది పండగే రాలేదు. 2023 ఉగాది మార్చి 22న వచ్చింది కాబట్టి పాత ఏడాది ఖాతాలో పడింది, 2024 ఉగాది ఏప్రిల్ 9న వచ్చి తర్వాతి ఏడాదికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి ఏడాదికి మళ్ళీ 2025 మార్చి 30న ఇంకో ఉగాది కలిసింది. అంటే ఒక ఏడాదికి పండగ లేదు, పక్క ఏడాదికి రెండు. మిఠాయిలో బట్టలో పూజా సామగ్రో అమ్మే దుకాణాల్లో ఆ రెండేళ్ళ లెక్కలు పక్కపక్కన పెడితే వ్యాపారం పెరిగినట్టే కనిపిస్తుంది. యజమానికి సంతోషం, ఆడిటరుకూ అభ్యంతరం లేదు. కానీ ఆ పెరుగుదలలో కొంత పంచాంగం ఇచ్చింది.

చిన్న వ్యాపారుల్లో చాలామందికి ఏడాది లెక్క అంటే మార్చి నెలాఖరులో బిల్లుల కట్టలు ఆడిటరు బల్ల మీద పెట్టి రావడమే. అది పన్ను లెక్క. ఏ నెల ఎందుకు బాగుంది, ఏ సరుకు దండగ, వచ్చే ఏడు ఏం చెయ్యాలి అని చూసుకునే లెక్క వేరు. పిండివంటల దుకాణానికి దానికి అనువైన సమయం ఫిబ్రవరి. సంక్రాంతి రద్దీ తగ్గి ఉంటుంది, ఎవరికి సరుకు లేదని చెప్పి పంపామో ఇంకా గుర్తుంటుంది, పెళ్ళిళ్ళ ఆర్డర్ల ఒత్తిడీ పూర్తిగా మొదలై ఉండదు.

తణుకులోనో ఖమ్మంలోనో బస్టాండు దగ్గర కనిపించే ఒక మాదిరి దుకాణాన్ని తీసుకుందాం. ముందు గదిలో గాజు బీరువాలు, వెనక వంటశాలలో మూడు పొయ్యిలు, ఆరుగురు ఆడవాళ్ళు, ఒక మేస్త్రీ. అమ్మేవి అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు, జంతికలు, చెక్కలు, కారబ్బూంది లాంటివి పద్దెనిమిది రకాలు. కింది రూపాయల లెక్కలు ఇలాంటి దుకాణానికి తగ్గట్టు వేసుకున్నవి. తేదీలు, సుంకాలు మాత్రం నిజంగా జరిగినవే.

ఈ దుకాణం 2023 అక్టోబరులో 4.6 లక్షలు అమ్మింది, 2024 అక్టోబరులో 6.2 లక్షలు. మూడో వంతుకు పైగా పెరిగింది! గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్ళకు అంతకంటే మంచి నెల గుర్తుండదు. అయితే 2023లో దసరా అక్టోబరు చివర్లోనూ, దీపావళి నవంబరు 12నా వచ్చాయి. 2024లో దసరా అక్టోబరు 12న, దీపావళి 31న రావడంతో రెండు పండగల బేరమూ ఒకే నెలలో పడింది. నవంబరును కూడా కలిపి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2023 నవంబరులో 3.8 లక్షలు వస్తే 2024లో 2.1 లక్షలే వచ్చాయి. రెండు నెలలూ కలిపితే మొదటి ఏడు 8.4 లక్షలు, రెండో ఏడు 8.3 లక్షలు. పెరగకపోగా ఓ పదివేలు తగ్గింది.

అందుకే పండగల మీద ఆధారపడ్డ వ్యాపారంలో నెలకు నెల పోల్చకూడదు, పండగకు పండగ పోల్చాలి. చిట్టా పుస్తకంలో ప్రతి పండగకూ ముందు పదిహేను రోజులు, తర్వాత మూడు రోజులు గీత గీసి ఆ మొత్తం విడిగా రాసుకుంటే చాలు. సంక్రాంతి ఒక్కటే సూర్యమానం పండగ కాబట్టి ఏటా జనవరి 14, 15 తేదీల దగ్గరే ఉంటుంది. దాన్ని మాత్రం జనవరికి జనవరిగా పోల్చుకోవచ్చు.

ఆ అక్టోబరులో ఇంకో మెలిక కూడా ఉంది. 2024 సెప్టెంబరు 14 నుంచి కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకాన్ని అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. శుద్ధి చేసిన నూనెల మీద 13.75 నుంచి 35.75కి వెళ్ళింది. అప్పటికే మన దుకాణం దసరా ఆర్డర్లు పాత ధరకు ఒప్పుకుంది. నూనె డబ్బాకు 400 రూపాయలు పెరిగిందనుకుంటే, నలభై డబ్బాలు వాడిన ఆ సీజనులో 16 వేలు నూనెలోనే కరిగిపోయాయి. అమ్మకంలో అన్నిటికన్నా పెద్ద నెల లాభంలో పెద్ద నెల కాలేకపోవడానికి కారణం అదే. పుస్తకంలో అమ్మకం వరస ఒక్కటే ఉంటే ఇది ఎప్పటికీ బయటపడదు. ప్రతి నెలా అమ్మకం పక్కనే సరుకు ఖర్చు, కూలి, గ్యాసు వేసుకోవాలి. ఈ దెబ్బ నుంచి నేర్చుకోవలసింది కూడా చాలా మామూలు విషయం: ముందస్తు ఆర్డరు తీసుకున్న రోజే దానికి పట్టే నూనె, బెల్లం, నెయ్యి కొనిపెట్టుకోవడం, లేదా ధర ఎన్నాళ్ళు చెల్లుతుందో చీటీ మీద రాసివ్వడం.

చెడ్డ నెలనూ ఇలాగే విప్పి చూడాలి. 2024 మే, జూన్ నెలల్లో మూఢం కారణంగా పెళ్ళి ముహూర్తాలు లేవు. అది ముగిసేసరికి ఆషాఢం వచ్చింది. సారె ఆర్డర్ల మీద బతికే వంటశాలలు ఆ ఎండాకాలమంతా చల్లబడి ఉన్నాయి. అప్పుడు మేస్త్రీ పనితనాన్ని, ఎదురుగా వెలిసిన కొత్త కొట్టును తప్పుబట్టడం తేలిక. ముహూర్తాలు లేని నెలలో దుకాణానికి వచ్చిన విడి బేరం నిరుటికంటే తగ్గిందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న. పెళ్ళి ఆర్డర్లు తీసేశాక కూడా విడి బిల్లుల సంఖ్య పడిపోయి ఉంటే అప్పుడు తప్పు లోపలే ఉంది. దాన్ని వెతకాలి.

ఇక సరుకులు తగ్గించే పని. దీనికి తరచూ చెప్పే ఉదాహరణ అమెరికాలోది. కాలిఫోర్నియా రాష్ట్రం శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులిద్దరు ఒక ఫలహారశాల నడిపేవారు. పాతిక దాకా వంటకాలు ఉండేవి, బేరమూ బాగుండేది. బిల్లులు తిరగేస్తే డబ్బులో చాలా భాగం హాంబర్గర్ల మీదే వస్తోందని తేలింది. 1948లో కొన్ని నెలలు కొట్టు మూసి, వంటశాల తిరగగట్టి, తొమ్మిది వస్తువులతో మళ్ళీ తెరిచారు. హాంబర్గర్ ధర 15 సెంట్లు పెట్టారు. మొదట్లో జనం తగ్గారు కూడా. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. అయితే ఈ కథ విని మన పిండివంటల దుకాణం తొమ్మిది రకాలకు దిగితే మునుగుతుంది. ఎందుకో కజ్జికాయ చెబుతుంది.

కజ్జికాయలు కిలో 500కు అమ్ముతారు, సరుకు ఖర్చు 240 పోతే 260 మిగులుతుంది. జంతికలు కిలో 320, ఖర్చు 190, మిగిలేది 130. చూడగానే కజ్జికాయ రెండింతలు మేలు. ఇప్పుడు గడియారం తీసుకుని వంటశాలలో నిలబడాలి. ఇద్దరు కూర్చుంటే జంతికలు గంటకు ఎనిమిది కిలోలు దిగుతాయి. కజ్జికాయకు పూరీ వత్తాలి, పూర్ణం పెట్టాలి, అంచు విడిపోకుండా నొక్కాలి, అందుకే గంటకు రెండున్నర కిలోలు దాటదు. గంట పనికి జంతికలు 1,040 రూపాయలు మిగిలిస్తే కజ్జికాయలు 650 మిగిలిస్తాయి. సంక్రాంతి ముందు, చేతులు చాలని ఆ పది రోజుల్లో, ప్రతి గంట కజ్జికాయకీ దుకాణం 390 రూపాయలు వదులుకుంటోంది. అదే ఆషాఢంలో అయితే పనివాళ్ళు ఎలాగూ ఖాళీగా ఉంటారు, గంటకు 650 వచ్చినా వచ్చినట్టే. ఒకే వస్తువు ఒక నెలలో భారం, ఇంకో నెలలో ఆసరా.

అలాగని జనవరిలో పూర్తిగా ఆపేయొచ్చా? దానికి బిల్లు పుస్తకం చూడాలి. కజ్జికాయ ఉన్న బిల్లులు వంద తీసి వాటిలో ఇంకేం ఉన్నాయో చూస్తే, చాలావరకు సారె ఆర్డర్లే ఉంటాయి. లడ్డూ, అరిసె, సున్నుండలతో కలిపి ఒక్కో బిల్లు వేలల్లో ఉంటుంది. ఆడపిల్ల అత్తగారింటికి పంపే సారెలో కజ్జికాయ లేదంటే ఆ తల్లి మిగతా సరుకు కూడా ఇక్కడ కొనదు, అన్నీ దొరికే కొట్టుకే వెళ్తుంది. కాబట్టి చెయ్యాల్సింది దాన్ని తీసెయ్యడం కాదు. జనవరి 5 నుంచి 14 వరకు కజ్జికాయలు విడిగా అమ్మకుండా, ముందు చెప్పిన సారె ఆర్డర్లకే చెయ్యడం.

నిజంగా పోవాల్సింది వేరే ఉంది. ఆరోగ్యం పేరుతో మొదలుపెట్టిన కొర్రల మిక్చర్. ఏడాదిలో వంద కిలోలు చేశారు, కిలోకు ఖర్చు 230, ధర 400. కాగితం మీద 170 మిగలాలి. కానీ 22 కిలోలు బీరువాలో మెత్తబడి, పాత నూనె వాసన వచ్చి పారబోశారు. అమ్మిన 78 కిలోలకు వచ్చింది 31,200, వందకూ అయిన ఖర్చు 23,000. మిగిలిన 8,200 అమ్మిన కిలోల మీద పంచితే 105 రూపాయలు. దాని బిల్లుల్లో ఇంకేమీ ఉండదు, కొన్నవాళ్ళు రెండోసారి అడిగిన దాఖలా లేదు. అన్ని కొలతల్లోనూ ఓడిన ఇలాంటి వస్తువును తీసెయ్యడానికి అడ్డు సాధారణంగా ఒకటే, అచ్చు వేయించిన కవర్లు ఇంకా నాలుగు వేలు మిగిలి ఉండటం. కవర్లకు పెట్టిన డబ్బు ఎలాగూ పోయింది. అవి అయ్యేదాకా మిక్చర్ చేస్తూ పోతే నూనె, పప్పు, కూలి కూడా వాటి వెంట పోతాయి.

లక్ష్యాల దగ్గర చాలామంది రాసుకునేది ఒక్క ముక్కే: వచ్చే ఏడు 20 శాతం పెంచాలి. ఎక్కడ పెంచాలి? జనవరిలో కుదరదు, ఎందుకంటే అరిసె తడిపిండితో చేసేది. నానబెట్టిన బియ్యం ఆరకముందే పిండి పట్టించాలి, పాకం చూడటం మేస్త్రీ ఒక్కరికే తెలుసు. పోయిన సంక్రాంతికి చివరి నాలుగు రోజులు వచ్చినవాళ్ళను తిప్పి పంపారంటే, అక్కడ కొరత బేరానిది కాదు, చేతులది. ఆ నెలకు లక్ష్యం రూపాయల్లో కాక తేదీల్లో ఉండాలి: డిసెంబరు 20 కల్లా బుకింగ్ మొదలుపెట్టడం, పాకం పట్టే రెండో మనిషిని దీపావళి లోపు తయారు చెయ్యడం. దూరదేశాల పార్సిళ్ళను డిసెంబరులోనే పంపేస్తే పొయ్యి మీద భారం ఇంకొంత తగ్గుతుంది.

2026కి వచ్చేసరికి మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం ఉంది. ఆ నెల పెళ్ళిళ్ళు ఉండవు. దాని వల్ల వెనక పండగలూ వెనక్కి జరిగాయి, దసరా అక్టోబరు 20, దీపావళి నవంబరు 8. కాబట్టి మన దుకాణం మే, జూన్ గడిలో పాత అమ్మకం అంకె రాసుకుని దిగులుపడటం అనవసరం. ఆ గడిలో పొయ్యిల మరమ్మతు, పనివాళ్ళ సెలవులు, ఫంక్షన్ హాళ్ళ వాళ్ళ దగ్గర నిలిచిపోయిన అరువు వసూలు రాసుకోవాలి. అక్టోబరు గడిలో 2024 నాటి 6.2 లక్షలు కొట్టేసి, అక్టోబరు, నవంబరు కలిపి ఒకే అంకె వెయ్యాలి. నూనె డబ్బా ధర ఆ పక్కనే ఉండాలి, జులైలో ఒకసారి, సెప్టెంబరు మొదటివారంలో ఒకసారి దిద్దుకోవడానికి వీలుగా పెన్సిలుతో.