వాలుగా కోసిన స్థూపం: వంపు ఉన్నా π లేని లెక్క

నిలువు గోడలున్న ఒక గాజు గ్లాసును ఊహించుకోండి. లోపలి వ్యాసం 7 సెంటీమీటర్లు, ఎత్తు 12 సెంటీమీటర్లు. అంచు దాకా నింపితే అందులో సుమారు 462 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. ఇప్పుడు గ్లాసును మెల్లగా వంచుతూ నీళ్లు పారబోయాలి. ఒక దశలో నీటి మట్టం ఒకవైపు పై అంచునూ, ఎదురువైపు అడుగు అంచునూ ఒకేసారి తాకుతుంది. అక్కడ ఆపితే సరిగ్గా సగం, అంటే 231 మిల్లీలీటర్లు మిగులుతాయి.

ఇంకా వంచితే గ్లాసు అడుగు కొద్దికొద్దిగా బయటపడుతుంది. నీటి గీత సరిగ్గా అడుగు మధ్యకు, అంటే అడుగు వృత్తపు వ్యాసం మీదకు వచ్చినప్పుడు ఆపుదాం. అడుగున సగం మీద నీళ్లుంటాయి, సగం ఖాళీగా ఉంటుంది. ఇప్పుడు గ్లాసులో ఎన్ని నీళ్లు మిగిలాయి?

సగంలో సగం కాబట్టి పావువంతు, అంటే 115 మిల్లీలీటర్ల పైచిలుకు అనిపించడం సహజం. అసలు జవాబు 98. పూర్తి గ్లాసు నీటిని లెక్కించడానికి π కావాలి, అందుకే 462 అన్న అంకెకు ముందు 'సుమారు' అని చెప్పాల్సి వచ్చింది. కానీ ఈ 98కి 'సుమారు' అక్కర్లేదు. ఒకవైపు గుండ్రని గోడ ఉన్న ఈ నీటి ముక్క ఘనపరిమాణంలో π అసలు కనిపించదు.

ముక్క లోపల ఏముంది?

ఈ ఆకారం గుర్రపు డెక్కను తలపిస్తుంది. జ్యామితిలో దీనికున్న లాటిన్ పేరు 'ఉంగ్యులా'కు అర్థం కూడా డెక్కే. దీన్ని కొలవడానికి బ్రెడ్డును కోసినట్టు పలచని ముక్కలుగా కోద్దాం. అడుగు వ్యాసానికి లంబంగా, ఒక కొస నుంచి మరో కొస వరకు కోసుకుంటూ వెళితే ప్రతి ముక్కా ఒక లంబకోణ త్రిభుజంగా ఉంటుంది. వాలు తలం ఒక్కటే కాబట్టి ఈ త్రిభుజాలన్నీ ఒకే ఆకారంలో ఉంటాయి. పరిమాణం మాత్రమే మారుతుంది.

వృత్త కేంద్రం దగ్గర త్రిభుజం అన్నిటికంటే పెద్దది. దాని భూమి వ్యాసార్ధమంత, 3.5 సెంటీమీటర్లు. ఎత్తు 12 సెంటీమీటర్లు. కనుక వైశాల్యం 21 చదరపు సెంటీమీటర్లు. కేంద్రం నుంచి వ్యాసం వెంబడి 2.1 సెంటీమీటర్లు జరిగితే, పైథాగరస్ సూత్రం ప్రకారం భూమి 2.8 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అదే నిష్పత్తిలో ఎత్తు 9.6 అవుతుంది. వైశాల్యం 13.44. వ్యాసం కొసకు చేరేసరికి త్రిభుజం సున్నా అవుతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కేంద్రం నుంచి x దూరంలో త్రిభుజం భూమి √(r² − x²). ఇందులో వర్గమూలం ఉంది. ఇలాంటి పొడవులను నేరుగా కూడితే వృత్త వైశాల్యం వస్తుంది, దానితోపాటే π కూడా వస్తుంది. కానీ ఇక్కడ మనం కూడుతున్నది పొడవులను కాదు, త్రిభుజ వైశాల్యాలను. ఒకే ఆకారంలో ఉన్న త్రిభుజాల వైశాల్యం భూమి వర్గాన్ని బట్టి మారుతుంది. వర్గం చేయగానే వర్గమూలం పోయి r² − x² మిగులుతుంది. మూలంతోపాటు π కూడా వెళ్లిపోతుంది.

ఈ వైశాల్యాలను వ్యాసం వెంబడి గ్రాఫుగా గీస్తే ఒక పరావలయం వస్తుంది. దాని వెడల్పు 7, నడిమి ఎత్తు 21. అలాంటి పరావలయం తనను చుట్టిన దీర్ఘచతురస్రంలో సరిగ్గా మూడింట రెండు వంతులు ఆక్రమిస్తుంది. 7 × 21 అంటే 147. అందులో మూడింట రెండు వంతులు 98. అక్షరాలలో రాస్తే

V = (2/3) r² h

ఇందులో r వ్యాసార్ధం, h ముక్క గరిష్ఠ ఎత్తు. మరోలా చూస్తే, ఈ గ్లాసు సరిగ్గా పట్టే చదరపు పెట్టె ఘనపరిమాణం 7 × 7 × 12, అంటే 588. అందులో ఆరో వంతు 98.

గీత జరిగితే

వాలు తలం వ్యాసం గుండా వెళ్లడం ఇక్కడ తప్పనిసరి. గీత వ్యాసం నుంచి d దూరం జరిగితే త్రిభుజాల భూమి √(r² − x²) − d అవుతుంది. దాన్ని వర్గం చేస్తే మధ్య పదంలో వర్గమూలం మిగిలిపోతుంది, π తిరిగి వస్తుంది. అడుగు అంచు దగ్గర ఆపినప్పుడు మిగిలిన సగం గ్లాసు నీళ్లు దీనికి ఉదాహరణ. అక్కడ జవాబు πr²h/2.

ఇంట్లో చేసి చూసేవారు కూడా ఈ గీత విషయంలోనే జాగ్రత్తపడాలి. పై గ్లాసులో గీత 2 మిల్లీమీటర్లు అటో ఇటో అయితే నీరు 7, 8 మిల్లీలీటర్లు మారుతుంది. అడుగున బయటివైపు వ్యాసం గీసిపెట్టుకుని, మిగిలిన నీటిని వంటింటి త్రాసు మీద తూచడం మంచిది. ఒక గ్రామును ఒక మిల్లీలీటరుగా లెక్కపెట్టవచ్చు. 90కి, 106కి మధ్య వస్తే లెక్క నిలిచినట్టే, ఎందుకంటే పావువంతు ఊహ చెప్పే 115 దానికి దూరంగానే ఉంటుంది. పై నుంచి కిందికి సన్నబడే గ్లాసులు, అడుగు అంచు గుండ్రంగా ఉన్నవి ఈ పరీక్షకు పనికిరావు.

చెరిపేసిన పుటల్లో

ఈ ఫలితం ఆర్కిమెడీస్‌ది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆయన అలెగ్జాండ్రియాలోని ఎరటోస్తనీస్‌కు పంపిన 'మెథడ్' అనే రచనలో దీన్ని నిరూపించారు. అంతకుముందు తాను కొలిచిన గోళాల వంటి ఆకారాలేవీ సమతలాలతో హద్దులున్న ఘనానికి సమానం కాలేదనీ, ఈ ముక్క మాత్రం అవుతోందనీ ఆయనే ఎత్తి చూపారు.

ఆ రచన చాలాకాలం ఎవరికీ దొరకలేదు. 10వ శతాబ్దంలో తోలు పత్రాలపై రాసిన ఒక ప్రతిని 13వ శతాబ్దంలో గీకి, చెరిపి, దానిమీద ప్రార్థనల పుస్తకం రాసుకున్నారు. 1906లో డెన్మార్క్ పండితుడు హైబర్గ్ కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ అడుగు అక్షరాలను చదివి, అది ఆర్కిమెడీస్ రచన అని గుర్తించారు. ఈ ముక్క గురించిన 14వ ప్రతిపాదనలో మాత్రం కొంత భాగం ఆయనకు అందలేదు.

1998లో వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడైన ఆ ప్రతి, అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉన్న వాల్టర్స్ ఆర్ట్ మ్యూజియంకు పరిశోధన కోసం చేరింది. 2001లో రివీల్ నెట్జ్, కెన్ సైటో తదితరులు అందని భాగాన్ని చదివారు. ముక్కలోని త్రిభుజాలను పరావలయంలోని గీతలతో జతపరుస్తూ, ఈ రెండు సమూహాల 'సంఖ్య సమానం' అని ఆర్కిమెడీస్ అక్కడ వాదించినట్టు తేలింది. త్రిభుజాలూ అనంతం, గీతలూ అనంతమే. గ్రీకు గణితవేత్తలు అనంతాన్ని నేరుగా లెక్కలోకి తీసుకోలేదన్న అభిప్రాయాన్ని పండితులు పునరాలోచించేలా చేసింది ఈ డెక్క ముక్కే.