మెట్ల దీపానికి నాలుగు గేట్లు

డిజిటల్ ల్యాబుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ఐసీ 7400. దానికి 14 పిన్నులుంటాయి, లోపల నాలుగు నాండ్ గేట్లుంటాయి. నాండ్ చేసే పని ఒక్కటే: A, B రెండూ నిజమైతే 'కాదు' అంటుంది, మిగతా మూడు సందర్భాల్లోనూ 'అవును' అంటుంది. దీన్ని A|B అని రాస్తారు.

తర్కంలో మాటల్ని కలిపే ప్రతి సంధాయకాన్నీ ఈ ఒక్కదానితోనే కట్టొచ్చు. ఇలాంటి ఫలితాన్ని 1913లో హెన్రీ షెఫర్ ప్రచురించాడు. అంతకు చాలా ముందే, 1880 ప్రాంతంలో, చార్లెస్ పియర్స్‌కు ఈ సంగతి తట్టింది కానీ అప్పట్లో అచ్చు కాలేదు.

ముందు 'కాదు'తో మొదలుపెడదాం. గేటు రెండు ఇన్‌పుట్లకూ A నే ఇస్తే, అది నిజమైనప్పుడు ఫలితం అబద్ధం, అబద్ధమైనప్పుడు నిజం. అంటే A|A అన్నా 'A కాదు' అన్నా ఒకటే. నాండ్ ఫలితాన్ని ఇలాగే తిరగేస్తే 'A మరియు B' వస్తుంది. A, B లను ముందే విడివిడిగా తిరగేసి నాండ్‌కు ఇస్తే 'A లేదా B'.

ఈ మూడూ చేతికొస్తే ఇక దేనికీ కొదవ లేదు. ఏ సంధాయకానికైనా నిజపట్టిక రాసుకుని, ఫలితం నిజమైన వరుసల్ని మాత్రం ఏరుకోవాలి. ఒక్కో వరుసను 'మరియు'తో వర్ణించి, అన్నిటినీ 'లేదా'తో కలిపితే సరి. ఏ వరుసా నిజం కాకపోతే 'A మరియు A కాదు' అని రాస్తే చాలు.

'మరియు' ఒక్కటే ఉంటే ఈ పని జరగదు. ఇన్‌పుట్లన్నీ నిజమైతే దాని ఫలితం ఎప్పుడూ నిజమే. ఎన్ని గేట్లు పేర్చినా అందులోంచి 'కాదు' పుట్టదు. 'లేదా'దీ అదే తంతు.

ఇప్పుడు మెట్ల దీపం చూద్దాం. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్, రెండూ వేర్వేరు స్థితుల్లో ఉంటేనే దీపం వెలగాలి. పట్టికలో నిజమైన వరుసలు రెండే: 'A ఉండి B లేదు', 'B ఉండి A లేదు'. పై పద్ధతిని తు.చ. తప్పకుండా పాటిస్తే 9 గేట్లు కావాలి. అయితే 'మరియు' చివర ఒకసారి, 'లేదా' మొదట్లో మరోసారి తిరగేస్తున్నాం. రెండుసార్లు తిరగేస్తే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది కాబట్టి, ఒక్కో దారిలో రెండేసి గేట్లు పీకేయొచ్చు. 5 మిగులుతాయి. చిప్‌లో ఉన్నవి 4.

ఇక్కడే అసలు కిటుకు. A, B లను విడిగా తిరగేయకుండా M = A|B అన్న ఒక్క ఫలితాన్నే రెండు దారులూ వాడుకుంటాయి:

```
M = A|B
X = A|M
Y = B|M
దీపం = X|Y
```

A నిజం, B అబద్ధం అనుకుందాం. M నిజం, X అబద్ధం, Y నిజం. దీపం వెలుగుతుంది. రెండు స్విచ్‌లూ నిజమైతే M అబద్ధం, X, Y రెండూ నిజం, దీపం ఆరుతుంది. రెండూ అబద్ధమైనా X, Y నిజమే కాబట్టి అదే ఫలితం. నాలుగు గేట్లూ సరిపోయాయి, రెండో చిప్ అక్కర్లేదు.