పర్సు తిరిగిచ్చిన మనిషికి నాలుగు వాక్యాలు

విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ బయట ఒక కొట్లో టీ తాగి హైదరాబాద్ బస్సెక్కాను. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాను కాబట్టి మళ్లీ పర్సు తీయాల్సిన పని పడలేదు. సూర్యాపేట దగ్గర పడుతుండగా కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మీ పర్సు మా కొట్లో మరిచిపోయారు" అంది అవతల ఒకావిడ. జేబు తడుముకుంటే నిజమే, పర్సు లేదు.

అందులో 2,300 రూపాయలు, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఏటీఎం కార్డు ఉన్నాయి. వీటిలో దేనిమీదా నా ఫోన్ నంబరు లేదు. ఎప్పుడో మడిచి పెట్టిన రక్తపరీక్ష రసీదు మీద మాత్రం ఉంది. ఆమెకు చదవడం రాదట. బడి నుంచి కొడుకు వచ్చేదాకా ఆగి, కాగితాలన్నీ ఒక్కొక్కటిగా వాడిచేత చదివించి నంబరు పట్టుకుంది. మర్నాడు విజయవాడలో ఉండే మా బావమరిది వెళ్లి పర్సు తెచ్చాడు. ఐదొందలు ఇవ్వబోతే, "టీ డబ్బులు ఇచ్చేశారుగా, ఇంకెందుకు బాబూ" అని తీసుకోలేదట.

ఆవిడకు రెండు ముక్కలు రాసి పంపాలని కూర్చున్నాను. మొదట రాసింది ఇది: "మీ నిజాయతీకి శతకోటి వందనాలు. నేటి సమాజంలో మీవంటి వారు చాలా అరుదు. పేదరికంలో ఉండి కూడా పరుల సొమ్ముకు ఆశపడని మీ గొప్పతనం అందరికీ ఆదర్శం."

రాసి పైకి చదువుకున్నాను. ఈ చీటీని కొట్లో నిలబడి ఆ పిల్లవాడు వాళ్లమ్మకు చదివి వినిపిస్తాడు. పక్కన టీ తాగేవాళ్లూ వింటారు. "పేదరికంలో ఉండి కూడా" అన్న మాట వాడి నోట ఎలా పలుకుతుంది? డబ్బు లేనివాళ్లు మామూలుగా తీసేసుకుంటారు, మీరు తీసుకోలేదు అన్నట్టే కదా. "మీవంటి వారు అరుదు" అన్నదీ అంతే. పొగడ్త చాటున అనుమానం ఉంది. మీ చేతికి చిక్కితే ఇక రాదనుకున్నాను అని చెప్పినట్టుంది.

పైగా అది నిజం కాదు కూడా. 2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మన దేశం సహా 40 దేశాల్లోని 355 నగరాల్లో, 17 వేలకు పైగా పర్సులను హోటళ్లు, బ్యాంకులు, పోస్టాఫీసుల వంటి చోట్ల కౌంటర్లలో ఉన్నవారికి "ఇది బయట దొరికింది" అని ఇచ్చారు. డబ్బులేని పర్సుల విషయంలో నూటికి 40 మంది సొంతదారుకు కబురు పెట్టారు. కొద్దిగా డబ్బున్న పర్సుల విషయంలో 51 మంది పెట్టారు. డబ్బుంటే తిరిగి రాదని మనం అనుకుంటాం, జరిగింది దానికి తిరగబడి. దొంగ అని తన మనసుకే తోచడం మనిషికి కష్టం, ఎదుటివాడి నష్టం మీద పట్టింపూ ఉంటుంది అని ఆ పరిశోధకులు కారణం చెప్పారు. కౌంటర్లో ఉద్యోగి ప్రవర్తన, రోడ్డుమీద మనిషి ప్రవర్తన ఒకటే అని దీన్నిబట్టి చెప్పలేం. కానీ "అరుదు" అని రాయడానికి నాకున్న ఆధారం మాత్రం పోయింది.

అప్పుడు గొప్పతనం సంగతి వదిలేసి, ఆవిడ చేసిన పని రాశాను.

"అమ్మా, నమస్తే. మొన్న బుధవారం మీ కొట్లో మరిచిపోయిన పర్సు డబ్బుతో, కార్డులతో సహా నాకు అందింది. కాగితాలన్నీ బాబుచేత చదివించి, నా నంబరు వెతికి మరీ ఫోన్ చేశారు. ఆ పూటే చేశారు కాబట్టి ఏటీఎం కార్డు ఆపించుకునే పని, లైసెన్సు కోసం ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పాయి. మీకూ బాబుకూ చాలా థ్యాంక్స్. మీరు చేసిన మేలు గుర్తుంటుంది."

కింద పేరు, ఊరు. అంతే.

మొదటి చీటీని ఎవరికైనా పంపొచ్చు. ఇది ఆవిడకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు. ఆవిడ పడిన శ్రమ ఇందులో ఉంది, దానివల్ల నాకు ఏం కలిసొచ్చిందో ఉంది. అన్నీ సరిగ్గా అందాయన్న మాట కూడా తప్పక ఉండాలి. ఇచ్చినవాళ్లకు లోపల ఒక బెంగ ఉంటుంది, ఏదైనా తగ్గిందంటారేమోనని. ఆ ఒక్క ముక్కతో అది తీరుతుంది. ఇక ధన్యవాదాలా, కృతజ్ఞతలా, థ్యాంక్సా అన్నది పెద్ద విషయం కాదు. చదివే పిల్లవాడి నోరు తిరిగే మాటైతే చాలు.

సరిగ్గా రాయలేమోనన్న సంకోచంతోనే చాలామంది మానేస్తారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో దీనిమీద ఒక అధ్యయనం ప్రచురించారు. కృతజ్ఞత చెబుతూ ఉత్తరాలు రాసినవాళ్లు, అందుకున్నవాళ్లకు ఇబ్బందిగా ఉంటుందేమోనని ఎక్కువగా ఊహించుకున్నారు, వాళ్ల సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. రాసినవాళ్ల ఆలోచన మాటల పొందిక మీద ఉంటే, అందుకున్నవాళ్లు ఆప్యాయత చూశారు. ఆ ఉత్తరాలు పరిచయస్తులకు రాసినవి. ముఖమెరగని మనిషికి రాసేటప్పుడు మన బెరుకు ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

డబ్బు సంగతి వేరుగా చూసుకోవడం మంచిది. చీటీలో నోటు మడిచి పెడితే చీటీ రసీదైపోతుంది. ఇవ్వాలనుకుంటే విడిగా ఇవ్వండి, వద్దంటే ఒకసారితో ఆపండి. అయితే పోయిన వస్తువు తెచ్చిస్తే ఇంత ఇస్తానని మీరే ప్రకటించి ఉంటే మాట నిలబెట్టుకోవాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్ ప్రకారం ఆ బహుమానం కోసం తెచ్చినవారు దావా వేయొచ్చు, అది ముట్టేదాకా వస్తువును తమ దగ్గరే ఉంచుకోవచ్చు.

ఇచ్చింది బస్సు కండక్టరో, ఆస్పత్రి సెక్యూరిటీ గార్డో అయితే, అదే చీటీ ఒక కాపీ పై అధికారికి పంపితే వారికి పనికొస్తుంది. తేదీ, సర్వీసు నంబరు రాయాలి. పంపేముందు ఆ మనిషిని ఒక్కమాట అడగండి. దొరికిన వస్తువు డిపోలో అప్పగించాలన్న నియమం ఉండి, మీకు తొందరని ఆయన నేరుగా చేతికిచ్చి ఉంటే, మన మెచ్చుకోలు ఆయన మెడకు చుట్టుకుంటుంది. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో, నంబరు పెట్టడానికీ అనుమతి కావాలి. ఫోన్ తెచ్చిచ్చిన ఆటో అన్నకు చదవడం ఇబ్బందైతే ఇవే నాలుగు వాక్యాలు వాయిస్ మెసేజ్‌లో చెప్పొచ్చు.

రోజులు గడిచాయని ఆగొద్దు. ఎప్పుడో మీ పర్సో ఫోనో తెచ్చిచ్చినవారి నంబరు మీ దగ్గర ఇంకా ఉంటే ఈ పూటే రాయండి. ఫలానా రోజు, ఫలానా చోట, మీరు నాకోసం ఈ పని చేశారు అని మొదలుపెడితే వాళ్లకు గుర్తొస్తుంది.