ఫోన్‌లో మెరిసిన ఎరుపు పాత తెరపై ఎందుకు వెలిసిపోతుంది?

ఫొటో ఫైలులో నిజానికి రంగులు ఉండవు, అంకెలు ఉంటాయి. ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత వెలగాలో 0 నుంచి 255 వరకు మూడు అంకెలు చెబుతాయి. ఎరుపు 255, మిగతా రెండూ 0 అంటే తెర తన ఎరుపును పూర్తిగా వెలిగించాలి. ఆ పూర్తి ఎరుపు ఎంత గాఢంగా ఉండాలన్నది మాత్రం ఆ అంకె చెప్పదు. బట్టల కొట్లో ‘ఐదు’ అని ఊరుకుంటే గజాలో మీటర్లో తెలియనట్టే, ఇక్కడా కొలమానం చెప్పకపోతే అంకెకు అర్థం లేదు.

చాలాకాలం ఈ చిక్కు రాలేదు, కొలమానం ఒక్కటే కావడమే కారణం. 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీని అప్పటి మామూలు కంప్యూటర్ మానిటర్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. కెమెరాలు, మానిటర్లు, ప్రింటర్లు అన్నీ దాన్నే అనుసరించాయి. 2016లో వచ్చిన ఐఫోన్ 7 అంతకంటే విశాలమైన డిస్‌ప్లే పీ3 అనే పరిధిలో ఫొటో తీసి, అదే పరిధిలో చూపించడం మొదలుపెట్టింది. ఇందులోని ఎరుపు, ఆకుపచ్చ ఎస్‌ఆర్‌జీబీవాటికంటే గాఢమైనవి. ఆ తర్వాత చాలా ఖరీదైన ఫోన్లు ఇదే దారి పట్టాయి.

ఒక పెళ్లి ఫొటోలో ఎర్రటి పట్టుచీర ఉందనుకుందాం. చీరలో ఒకచోట రంగు సరిగ్గా ఎస్‌ఆర్‌జీబీ ఇవ్వగలిగిన గరిష్ఠ ఎరుపు. పాత కొలమానంలో దాన్ని 255, 0, 0 అని రాస్తారు. పీ3లో గరిష్ఠం ఇంకా పైన ఉంది కాబట్టి, అదే రంగును ఫోన్ 234, 51, 35 అని రాస్తుంది. రాస్తూ, ‘ఇవి పీ3 అంకెలు’ అని చెప్పే చిన్న చీటీని, అంటే కలర్ ప్రొఫైల్‌ను, ఫైలులో పెడుతుంది. చీటీ చదివే సాఫ్ట్‌వేర్ ఆ అంకెలను మళ్లీ 255, 0, 0గా మార్చి పాత తెరకు పంపుతుంది. అప్పుడు ఏ లోపమూ కనిపించదు.

చీటీ పోయినప్పుడే గొడవ. ఫొటో సైజు తగ్గించే కొన్ని వెబ్‌సైట్లు, యాప్‌లు ఫైలును తేలిక చేసే పనిలో దాన్నీ తీసేస్తాయి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు చీటీ ఉన్నా చదవవు. అప్పుడు 234, 51, 35 నేరుగా పాత తెరకు వెళుతుంది. ఎరుపు కొంచెం తగ్గి, అందులో కాస్త ఆకుపచ్చ, నీలం కలిసి, పట్టుచీర నాలుగు ఉతుకులు పడినట్టు కనిపిస్తుంది. అంకె పాడవలేదు, చదివిన తీరే తప్పు.

ఇదే తప్పు తిరగబడితే రంగులు మితిమీరతాయి. తొలితరం అమోలెడ్ ఫోన్ల తెరలు ఎస్‌ఆర్‌జీబీకంటే విశాలమైనవే. కానీ ఆండ్రాయిడ్‌లో రంగుల పరిధిని లెక్కకట్టి మార్చే ఏర్పాటు 2017 నాటి 8.0 వెర్షన్‌తోగానీ రాలేదు. తెర పీ3 అంత విశాలమైనదైతే, 255, 0, 0 అనే పాత ఎరుపును చూపడానికి అది 234, 51, 35 వెలిగించాలి. అలా మార్చకుండా 255, 0, 0ను ఉన్నదున్నట్టు వెలిగించడంతో గడ్డి చిలకపచ్చగా, ముఖాలు కందిపోయినట్టు కనిపించేవి. విశాల పరిధి ఉన్న కొన్ని మానిటర్లపై ఇప్పటికీ ఇదే జరుగుతుంది. పాత టీవీల్లో ఉండే ‘వివిడ్’ మోడ్ సంగతి వేరు. దుకాణంలోని వెలుతురులో కంటికి ఆనడం కోసం అది రంగులను కావాలనే పెంచుతుంది. ఫోన్ కెమెరా అప్పటికే రంగులు కాస్త పెంచి ఉంటే, పెంపు రెండుసార్లు పడినట్టే.

అనువాదం సరిగ్గా జరిగినా పూర్తిగా తప్పించుకోలేని నష్టం మరొకటుంది. చీర మడతల్లో కొన్ని చోట్ల ఎరుపు ఎస్‌ఆర్‌జీబీ పరిధి దాటి ఉండవచ్చు. ఫైలులో ఒక మడత 255, 0, 0, పక్క మడత 240, 0, 0 అని ఉంటే, మంచి ఫోన్‌పై ఆ తేడా తెలుస్తుంది. పాత పరిధిలోకి మార్చేటప్పుడు రెండూ గరిష్ఠాన్ని దాటిపోతాయి, దాటినదాన్నంతా సాఫ్ట్‌వేర్ సాధారణంగా 255 దగ్గర కత్తిరిస్తుంది. ఆకుపచ్చ, నీలం సున్నాగా ఉన్నచోట పీ3 ఎరుపులోని 234 నుంచి 255 వరకు మెట్లన్నీ అలా ఒకే రంగవుతాయి. చీర ఎర్రగానే ఉంటుంది, మడతలు మాత్రం మాయమై రంగు పులిమినట్టు ఉంటుంది. బంతిపూల దండలోనూ ఇదే కనిపిస్తుంది. చాలామంది దీన్ని ‘రంగు ఎక్కువైంది’ అంటారు. నిజానికి అక్కడ పోయింది రంగులోని తేడాలు.

వీడియోకు వచ్చేసరికి సమస్య రంగుతో ఆగదు, వెలుగులోకీ పాకుతుంది. 2020 నాటి ఐఫోన్ 12 నుంచి ఐఫోన్లు హెచ్‌డీఆర్ పద్ధతిలో వీడియో తీయగలవు. ఇందులో వెలుగును రాసే తీరు హెచ్‌ఎల్‌జీ. దీన్ని బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ, జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రూపొందించాయి. పాత పద్ధతిలో తెల్లచొక్కా సుమారుగా గరిష్ఠ స్థాయికి దగ్గరలో ఉంటుంది. హెచ్‌ఎల్‌జీలో దాన్ని 75 శాతం దగ్గర పెడతారు. పై 25 శాతం దీపపు జ్వాలకు, నగల తళుకుకు, బాణసంచాకు కేటాయింపు. హెచ్‌డీఆర్ తెర ఆ జాగాను నిజంగానే ఎక్కువ వెలుగుతో నింపుతుంది.

పాత టీవీకి ఆ సంగతి తెలియదు. 75 శాతం సంకేతం అందితే మామూలు లెక్కలో అది తన గరిష్ఠ వెలుగులో దాదాపు సగమే ఇస్తుంది. పెళ్లికొడుకు తెల్లపంచె బూడిదరంగులోకి దిగుతుంది. ముఖాల వంటి మధ్యస్థాయి వెలుగులు పెద్దగా మారవు, ఎందుకంటే పాత టీవీలపైనా ఓ మాదిరిగా కనిపించాలనే ఉద్దేశంతోనే హెచ్‌ఎల్‌జీని తీర్చిదిద్దారు. ముఖం అక్కడే ఉండి తెలుపు కిందికి దిగితే రెంటి మధ్య దూరం తగ్గుతుంది. చప్పగా ఉందని కన్ను చెప్పేది ఈ దూరం గురించే. దీనికితోడు ఈ వీడియోలోని రంగులు పీ3కంటే కూడా విశాలమైన బీటీ 2020 కొలమానంలో ఉంటాయి. అందుకే పట్టుచీర ఫొటోలోకంటే వీడియోలో మరింత వెలిసిపోతుంది. హెచ్‌డీఆర్10+లో తీసే ఫోన్ల వీడియో ఇంకా మబ్బుగా కనిపిస్తుంది. అందులో వాడే పీక్యూ పద్ధతిని పాత టీవీలను దృష్టిలో పెట్టుకుని చేయలేదు.

లోపం ఫైలుదో తెరదో తేల్చడానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. వీడియోను అందులో తెరిస్తే `Color primaries` పక్కన `BT.2020`, `Transfer characteristics` పక్కన `HLG` లేదా `PQ` కనిపిస్తే అది హెచ్‌డీఆర్. రెండుచోట్లా `BT.709` ఉండీ చప్పగా ఉంటే కారణం మరెక్కడో వెతకాలి. హెచ్‌డీఆర్ అని తేలితే, మామూలు పద్ధతిలోకి వెలుగును సర్ది మార్చే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో మరో ప్రతి తీసుకోవాలి. ఫైలు పేరు చివర అక్షరాలు మార్చినంత మాత్రాన ఏమీ కాదు. మూలప్రతిని ఉంచుకోవడమే మేలు, ఒకసారి మార్చాక పై వెలుగులు వెనక్కి రావు.

పాత టీవీ ఉన్న ఇంటికోసమే వీడియో తీస్తుంటే ఐఫోన్‌లో `Settings > Camera > Record Video` కింద `HDR Video` ఆపేస్తే తెలుపు తెల్లగానే వస్తుంది. ఫొటోకైతే ప్రొఫైల్‌ను తీసేయకుండా, ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి పంపాలి. తీసేయడం, మార్చడం ఒకటి కాదు. మొదటిది చీటీ చింపడం, రెండోది అంకెలనే తిరగరాయడం.

ఇన్ని చేసినా పాత మానిటర్‌పై అదే ఫొటో ఫోన్‌లోకంటే డల్‌గా ఉండొచ్చు. 250 నుంచి 300 నిట్ల వెలుగిచ్చే మానిటర్ పక్కన ఐఫోన్ 12 ప్రో తెర హెచ్‌డీఆర్ దృశ్యాల్లో 1200 నిట్ల దాకా వెళ్లగలదు. పైగా కొత్త ఫోన్లు మామూలు ఫొటోతోపాటు, ఏ భాగాన్ని ఎంత ఎక్కువగా వెలిగించాలో చెప్పే గెయిన్ మ్యాప్‌ను అదే ఫైలులో దాస్తాయి. 2023లో ఆండ్రాయిడ్ 14తో వచ్చిన అల్ట్రా హెచ్‌డీఆర్ పనిచేసేది ఇలాగే. పాత తెర ఆ మ్యాప్‌ను వదిలేసి మామూలు ఫొటోను చూపిస్తుంది. అక్కడ సరిచేయాల్సిన తప్పేమీ లేదు, ఆ తెరకు ఉద్దేశించిన ఫొటో అదే.