సున్నా రూపాయల గడి

రెండు రూపాయల నాణేలు, ఐదు రూపాయల నాణేలు కావలసినన్ని ఉన్నాయి. అడిగిన మొత్తాన్ని వీలైనంత తక్కువ నాణేలతో ఇవ్వాలి. డైనమిక్ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే ఎదురయ్యే లెక్క ఇది. 1950లలో రిచర్డ్ బెల్‌మన్ పేరుపెట్టిన ఈ పద్ధతిలో పెద్ద ప్రశ్నకు జవాబును చిన్న ప్రశ్నల జవాబుల నుంచి కట్టుకుంటూ వస్తారు. ఏడు రూపాయలు ఇవ్వాలంటే, ఐదు రూపాయల నాణెం ఒకటి ఇచ్చి మిగతా రెండు రూపాయల జవాబు చూసుకోవచ్చు. లేదా రెండు రూపాయల నాణెం ఇచ్చి మిగతా ఐదు రూపాయల జవాబు చూసుకోవచ్చు. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకుంటాం. జవాబులన్నీ `dp` అనే టేబుల్‌లో ఒక్కో మొత్తానికి ఒక్కో గడిగా రాసుకుంటాం.

సూత్రం ఇంతే. దాన్ని సరిగ్గా రాసినవాళ్ల ప్రోగ్రాములు కూడా తప్పు జవాబులిస్తుంటాయి. అప్పుడు అందరూ సూత్రాన్నే మళ్లీ మళ్లీ చదువుతారు. నేనైతే ముందు చూసేది సూత్రం మొదలవకముందు టేబుల్‌లో ఏం నింపారన్నది.

కొందరు గడులన్నిటిలో సున్నా నింపి మొదలుపెడతారు. సూత్రం ప్రతిచోటా తక్కువదాన్ని ఎంచుకుంటుంది, సున్నా కంటే తక్కువ నాణేల సంఖ్య ఉండదు. కాబట్టి ఏ మొత్తం అడిగినా జవాబు సున్నాయే. ఈ తప్పు వెంటనే బయటపడుతుంది. ప్రమాదమంతా దాన్ని దిద్దే తీరులో ఉంది. ‘ఇంకా జవాబు తెలియదు’ అని చెప్పడానికి ఓ పెద్ద సంఖ్య కావాలి కదా అని, జావాలో చాలామంది ఇలా రాస్తారు:

```java
Arrays.fill(dp, Integer.MAX_VALUE);
dp[0] = 0;
for (int i = 1; i <= amount; i++)
    for (int c : coins)
        if (c <= i)
            dp[i] = Math.min(dp[i], dp[i - c] + 1);
```

చూడ్డానికి ఏ లోపమూ లేదు. 1, 2, 5 రూపాయల నాణేలతో 11 రూపాయలు అడిగితే 3 అని సరైన జవాబే వస్తుంది. ఇప్పుడు రూపాయి నాణెం తీసేసి, 2, 5 మాత్రమే ఉంచి, 5 రూపాయలు అడగండి. ఒక్క నాణెంతో తేలిపోయే లెక్కకు -2147483647 అని వస్తుంది.

ఎందుకో గడి గడిగా చూద్దాం. ఒక రూపాయి ఇవ్వడం కుదరదు కాబట్టి `dp[1]` లో మొదట నింపిన 2147483647 అలాగే ఉండిపోయింది. మూడు రూపాయల దగ్గర ప్రోగ్రామ్ రెండు రూపాయల నాణెం తీసి, `dp[1]` కి ఒకటి కలిపింది. 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే. దానికి ఒకటి కలిపితే తిరగబడి -2147483648 అవుతుంది. ‘తక్కువది’ కోసం వెతికే సూత్రం దాన్ని సంతోషంగా తీసుకుంది. ఐదు రూపాయల దగ్గర ఆ ఋణ సంఖ్యకు ఇంకొకటి కలిపి, దాన్ని సరైన జవాబైన 1తో పోల్చి, ఋణ సంఖ్యనే ఎంచుకుంది.

రూపాయి నాణెం ఉన్నంతకాలం ఇది బయటపడలేదు. ఆ నాణెంతో ప్రతి మొత్తమూ కుదురుతుంది కాబట్టి, లెక్కకు అందని గడి ఒక్కటీ మిగలదు. అందుకే మనకు అలవాటైన చిల్లరతోనే పరీక్షిస్తే ఈ లోపం ఎప్పటికీ కనపడదు.

దిద్దుబాటు సులువు. నాణెం విలువ కనీసం ఒక రూపాయి కాబట్టి, `amount` రూపాయలకు అంతకు మించిన నాణేలు ఎన్నడూ పట్టవు. గడులను `amount + 1` తో నింపితే చాలు. ఏ సరైన జవాబుకన్నా అది పెద్దదే, ఒకటి కలిపినా తిరగబడదు. చివర్లో `dp[amount]` విలువ `amount` ని మించితే ‘కుదరదు’ అని చెప్పాలి. పైథాన్‌లో `float('inf')` వాడేవారికి ఈ తిరగబడే బెడద లేదు.

ఇదే టేబుల్‌తో ‘ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చు’ అని అడిగితే మొదటి గడి మారుతుంది. కనీస నాణేల లెక్కలో `dp[0]` సున్నా, రకాల లెక్కలో అది 1. రెండు రూపాయల నాణెం ఇచ్చాక మిగిలింది సున్నా. ఇక ఏమీ ఇవ్వకపోవడమే దాన్ని తీర్చే ఏకైక పద్ధతి, ఆ పద్ధతిని లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ సూత్రం గడులను కూడుతూ పోతుంది. కూడటానికి మొదట ఒకటైనా లేకపోతే టేబుల్ అంతా సున్నాలే. 2, 5 నాణేలతో పది రూపాయలకు నిజానికి రెండు పద్ధతులున్నాయి: రెండు ఐదులు, లేదా ఐదు రెండ్లు. ఒక లెక్కకు రాసిన ప్రోగ్రామ్‌ను ఇంకోదానికి మార్చేటప్పుడు సూత్రాన్ని మార్చి ఈ గడిని మరిచిపోవడం చాలా మామూలు.

మీ ప్రోగ్రామ్‌ను 2, 5 నాణేలతో నడిపి, చివరి జవాబు కాకుండా సున్నా నుంచి పది దాకా టేబుల్ మొత్తం ప్రింట్ చేయించండి. కనీస నాణేలు వరుసగా 0, కుదరదు, 1, కుదరదు, 2, 1, 3, 2, 4, 3, 2 అని రావాలి. తేడా వస్తే, తప్పిన మొదటి గడి దగ్గర ఆగి, అది ఏ గడిని చూసి లెక్కకట్టిందో వెనక్కి వెళ్లి చూడండి.