పుస్తకం పట్టని నేస్తానికి ఏ పుస్తకం?

పెళ్లికి వేయిపడగలు కానుకగా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వెయ్యి పేజీలకు అటూ ఇటూగా ఉండే ఆ నవలను కొత్త దంపతులు షోకేసులో పింగాణీ బొమ్మల పక్కన నిలబెడతారు. పదేళ్లయినా పైన చుట్టిన ప్లాస్టిక్ కవరు ఊడదు. తప్పు విశ్వనాథదీ కాదు, ఆ దంపతులదీ కాదు. ఇచ్చినవాడు తనకు నచ్చిన పుస్తకం ఇచ్చాడు, పుచ్చుకునేవాడి సంగతి ఆలోచించలేదు.

ఏడాదికి ఒక్క పుస్తకమైనా ముట్టని స్నేహితుడికి పుస్తకం ఇవ్వాలనుకుంటే ముందు ఒక విషయం గమనించాలి. అతను అసలు చదవడం లేదని కాదు. పొద్దున్నే పేపరు చూస్తాడు, వాట్సాప్‌లో వచ్చిన పొడుగాటి మెసేజీలు చివరిదాకా చదువుతాడు. పది నిమిషాల్లో అయిపోయేదైతే చదువుతాడన్నమాట. పోయినది ఓపిక కాదు, రాత్రి ఆపిన చోటు గుర్తుపెట్టుకుని మర్నాడు మళ్లీ అందుకునే అలవాటు. నవలకు ఆ అలవాటు కావాలి. నాలుగు రోజులు పనిలో పడితే పాత్రల పేర్లు మరిచిపోతాడు, మళ్లీ మొదటికి వెళ్లడానికి మనసు రాదు. దాంతో పుస్తకం మంచం కిందికి పోతుంది.

అందుకే పుస్తకం ఎన్ని పేజీలన్నది కాకుండా, అందులో ఒక్కో ముక్క ఎన్ని పేజీలన్నది చూడాలని నేనంటాను. మామూలు సైజు తెలుగు పుస్తకంలో ఒక పేజీ చదవడానికి అలవాటు తప్పినవాడికి రెండు నిమిషాలు పట్టవచ్చు. నాలుగైదు పేజీల కథ అంటే ఒక టీ తాగేంత సేపు. ఆ సేపట్లో కథ మొదలై, ముగిసి, అతను పుస్తకం మూసేస్తే ఏదీ సగంలో ఆగినట్టు ఉండదు. మళ్లీ వారానికి తీసినా ఇబ్బంది లేదు.

ఈ కొలతకు సరిపోయే పుస్తకాలు తెలుగులో చాలానే ఉన్నాయి. దానికి కారణం మన వారపత్రికలు. సత్యం శంకరమంచి అమరావతి కథలు వంద. అవి ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చాయి. వంశీ పసలపూడి కథలు, ముళ్లపూడి వెంకటరమణ ఆత్మకథ కోతికొమ్మచ్చి స్వాతి వారపత్రికలో వచ్చాయి. పత్రికలో రాసేవాడికి తన పాఠకుడెవరో తెలుసు. బస్టాండులో, క్షౌరశాలలో, వంట పొయ్యి మీద ఉండగా చదివే మనిషి అతను. పోయిన వారం ఏం రాశారో చదివి ఉంటాడన్న నమ్మకం లేదు. అందుకని మొదటి పేరాలోనే పట్టుకోవాలి, ఇచ్చిన జాగాలో ముగించాలి. మన చదవని స్నేహితుడు సరిగ్గా ఆ పాఠకుడే. అతని కోసం ఎప్పుడో రాసిపెట్టిన పుస్తకాలున్నాయి, వెతికి ఇవ్వడమే మన పని.

ఇక అభిరుచి. ఇక్కడే చాలామంది అడుగు తప్పుతుంది. క్రికెట్ పిచ్చి ఉన్నవాడికి క్రికెటర్ జీవితచరిత్ర, సినిమా పిచ్చి ఉన్నవాడికి సినిమా పుస్తకం కొంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ క్రికెట్ అతనికి ఫోన్లోనే కావలసినంత దొరుకుతోంది. అదే సంగతిని మూడు వందల పేజీల్లో చదవాల్సిన అవసరం అతనికేముంది? మనిషి ఏం చూస్తున్నాడన్నది కాదు, నలుగురు కూర్చున్నప్పుడు ఏం చెబుతున్నాడన్నది వినండి. ప్రతి మనిషీ మళ్లీ మళ్లీ చెప్పే కథలు కొన్ని ఉంటాయి. ఒకడు ఊళ్లో బడి గురించి చెబుతాడు, ఇంకొకడు తిరిగిన దేశాల గురించి, మరొకడు వాళ్ల నాయనమ్మ నోటి దురుసు గురించి. అతని పుస్తకం ఏ అరలో ఉందో ఆ కథే చెబుతుంది.

మా స్నేహితుడి సంగతి చెబుతాను. కావలి వైపు వాడు, హైదరాబాదులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతున్నాడు. చిన్నప్పుడు చందమామ చదివాడు, ఆ తర్వాత పుస్తకం ముట్టలేదు. యాభయ్యో పుట్టినరోజుకి ఏదైనా ఇద్దామని పుస్తకాల షాపుకి వెళ్లాను. పాత సినిమాలంటే వాడికి ప్రాణం, అందుకని ముందు కోతికొమ్మచ్చి తీశాను. దాంట్లో హాస్యానికి లోటు లేదు, సినిమా కబుర్లకూ లోటు లేదు. అయితే రమణగారు ఒక మాట చెబుతూ ఇంకో మాటలోకి, అక్కడి నుంచి ముప్పయ్యేళ్లు వెనక్కి దూకుతుంటారు. పుస్తకం పేరులోనే ఆ సంగతి ఉంది. ఆ గెంతుళ్లతో పాటు గెంతడానికి కాస్త చదివే సాధన ఉండాలి. వాడికి రెండో పుస్తకంగా బాగుంటుందని పక్కన పెట్టాను.

యండమూరి వెన్నెల్లో ఆడపిల్ల కూడా చేతిలోకి వచ్చింది. పేజీలు తిప్పించే నవల, చదరంగం ఆటగాడి చుట్టూ తిరిగే కథ. ఒక్క రాత్రి కూర్చుంటే అయిపోతుంది. కూర్చోకపోతే మాత్రం అయిపోదు. షాపు మూసి తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చే మనిషికి అలాంటి రాత్రి ఎప్పుడు దొరుకుతుంది?

అప్పుడు వాడు చెప్పే కథలు గుర్తు చేసుకున్నాను. ఎప్పుడు కలిసినా కావలి, అయ్యవార్లు, అమ్మ చేతి దెబ్బలు, పక్కింటి సాయిబుల పెళ్లిలో తిన్న బిర్యానీ. ఇక ఆలోచించేదేముంది? మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు తీసుకున్నాను. కావలిలో ఒక ముస్లిం ఇంటి పిల్లవాడి బాల్యం అది. అమ్మ, నాన్న, బడి, స్నేహితులు, పండగలు, చేతిలో డబ్బు ఆడని రోజులు. చిన్న చిన్న కథలు, పైగా అంతా వాడు మాట్లాడే నెల్లూరు యాసలో.

యాస గురించి ఒక మాట. సొంత యాసలో ఉన్న పుస్తకం చదవనివాడికి ఎంత దగ్గరవుతుందో, పరాయి యాసలో ఉన్నది అంత దూరమవుతుంది. చిత్తూరు వాళ్లకు నామిని మిట్టూరోడి కథలు ఇస్తే రెండో పేజీకే పకపకా నవ్వుతారు. అదే పుస్తకం కోనసీమ మనిషికి మొదటి కానుకగా ఇస్తే ప్రతి వాక్యం దగ్గరా ఆగాలి. అతనికి పసలపూడి కథలే మేలు. హైదరాబాదు పాతబస్తీ గాలి పీల్చి పెరిగినవాడికి నెల్లూరి కేశవస్వామి చార్మినార్ కథలు ఉన్నాయి. తెలంగాణ పల్లె నుంచి వచ్చి, ఒక్కటే కథ కావాలనేవాడికి పెద్దింటి అశోక్‌కుమార్ జిగిరి ఇవ్వొచ్చు. ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం కథ, చిన్న నవల. విజయనగరం వాళ్లకు చాసో. ఆయన కథలు పొట్టివి, కానీ కొన్ని గుండెను పట్టేస్తాయి. సరదాగా గడిపేద్దామనుకునేవాడికి మొదటే ఇవ్వకండి.

షాపులో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. పుస్తకాన్ని మధ్యలో ఎక్కడో తెరిచి, రెండు పేరాలు మీ స్నేహితుడు మాట్లాడే తీరులో లోలోపల చదవండి. అతని గొంతు ఇమిడితే కొనండి. వాక్యం మధ్యలో ఊపిరి ఆడకపోతే వదిలేయండి. అక్షరాల సైజు కూడా చూడాలి. నలభై దాటినవాడికి చత్వారం వచ్చి ఉంటుంది, చదవకపోవడానికి అసలు కారణం ఒక్కోసారి అదే. ఇంగ్లీషు మీడియంలో చదివిన కుర్రవాడైతే ఇంకో సంగతి. మీకు పంపే తెలుగు మెసేజీలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే, తెలుగు లిపిలో పుస్తకం అతనికి కానుక కాదు, హోంవర్కు. చాసో కథలకు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లీషు అనువాదం ఉంది. అలాంటిది ఇవ్వడంలో నామోషీ ఏమీ లేదు.

సందర్భం సంగతికొస్తే, పెళ్లికి పుస్తకం వద్దే వద్దు. వంద పెట్టెల్లో అదొకటి అవుతుంది. పుట్టినరోజు మంచిది, అది ఆ ఒక్క మనిషిది. ఆసుపత్రిలో ఉన్నవాడికి పడుకుని ఒక చేత్తో పట్టుకోగలిగేంత తేలికైన పుస్తకం కావాలి, అందులో జబ్బులూ చావులూ లేకుండా ముందే చూసుకోవాలి. అమెరికా వెళ్లే కుర్రవాడికైతే సన్నటిదే ఇవ్వండి. 23 కిలోల పెట్టెలో ఆవకాయతో పోటీపడి మీ లావాటి పుస్తకం గెలవదు. ఇక ఉద్యోగం పోయినవాడికీ, పరీక్ష తప్పినవాడికీ వ్యక్తిత్వ వికాస పుస్తకం ఇవ్వడమంత మోటుపని లేదు. అది చేతిలో పెడితే, నువ్వు ఓడిపోయావని మొహం మీద చెప్పినట్టే.

కొన్నాక చేయాల్సిన పని ఒకటుంది. మన పుస్తకాలకు ముందుమాటల జబ్బు ఉంది. ఒకరు కాదు, ముగ్గురు పెద్దలు తలో ఆరు పేజీలు రాస్తారు. చదివే అలవాటున్నవాడు వాటిని దాటేస్తాడు. అలవాటు లేనివాడు బుద్ధిగా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, రెండో ముందుమాట దగ్గర పడిపోతాడు. అసలు కథ రుచి కూడా చూడడు. అందుకని నేను పుస్తకం అంతా ముందుగా తిరగేసి, ఒక కథ ఎంచి, అక్కడ చీటీ పెట్టాను. లోపలి అట్ట మీద నీతులేవీ రాయకుండా, "ఒరే, చీటీ ఉన్న చోట మొదలుపెట్టు, ముందున్నవి వదిలెయ్" అని రాశాను. అమరావతి కథల్లాంటి లావు పుస్తకానికి ఇది మరీ అవసరం. వంద కథలూ చదవాలేమోనన్న భయం పోవాలి.

ఇచ్చాక "చదివావా?" అని అడగకూడదు. అడిగితే "బాగుందిరా" అంటాడు. ఆ ఒక్క ముక్కే అన్నాడంటే తెరవలేదని అర్థం. చదివినవాడు తీర్పు చెప్పడు, ఒక మనిషి గురించో ఒక ముచ్చట గురించో చెబుతాడు. మావాడు నెల తర్వాత ఫోన్ చేసి, "ఒరే, అందులో వాళ్లమ్మ అచ్చం మా అమ్మేరా" అన్నాడు. చదివింది నాలుగైదు కథలే. మిగతావన్నీ వాళ్లావిడ చదివేసి, ఇంకేమైనా ఉంటే పంపమంది. ఖదీర్‌బాబువే పోలేరమ్మబండ కథలు పంపాను. కోతికొమ్మచ్చి ఇంకా నా దగ్గరే ఉంది, తొందరేమీ లేదు.

చివరగా ఒక జాగ్రత్త. తెలుగు పుస్తకాలు చాలా తక్కువ కాపీలు వేస్తారు, అయిపోతే మళ్లీ అచ్చవడానికి ఏళ్లు పడుతుంది. పుట్టినరోజు రేపనగా వెళ్తే దొరికిందే తెచ్చుకోవాల్సి వస్తుంది. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతుంటాయి. ఫలానావాడికి ఇది బాగుంటుందని తోచిన పుస్తకం కనిపిస్తే, సందర్భం ఆరు నెలల దూరంలో ఉన్నా సరే, అప్పుడే కొని దాచండి.